స్ప్రెడ్‌షీట్‌లో తెలుగు అకారాది క్రమం: తేడాలు, కారణాలు, సవరణలు

ఎక్సెల్, లిబ్రె ఆఫీస్ కాల్క్, గూగుల్ షీట్స్ వంటి స్ప్రెడ్‌షీట్లలో తెలుగు పేర్లున్న నిలువు వరుసను ఎంచుకుని అకారాదిగా అమర్చమని ఆదేశించినప్పుడు, ఫలితం కొన్నిసార్లు నిఘంటువు క్రమాన్ని గానీ బడిలో నేర్చిన వర్ణమాల క్రమాన్ని గానీ పూర్తిగా అనుసరించదు. ‘కడప’ తర్వాత ‘కంభం’ రావడం, ‘కవిటి’కి ముందు ‘కళ్యాణదుర్గం’ చేరడం, ఒకే ఊరి పేరు మూడు చోట్ల విడివిడిగా కనిపించడం ఇందుకు తరచు ఎదురయ్యే ఉదాహరణలు. ఈ తేడాలకు మూలం యంత్రం అక్షరాలను పోల్చే పద్ధతిలో ఉంటుంది. ఏ తేడా ఏ పద్ధతి వల్ల వచ్చిందో గుర్తిస్తే దానికి తగిన సవరణ కూడా తేలుతుంది. ఈ వ్యాసం తెలుగు లిపిని ఆధారంగా తీసుకుని ఆ పద్ధతులను, వాటి ఫలితాలను, సరిదిద్దే మార్గాలను వివరిస్తుంది.

## సంకేత సంఖ్యల వరుస

కంప్యూటరు ప్రతి అక్షరాన్నీ ఒక సంఖ్యగా దాచుకుంటుంది. ప్రపంచంలోని లిపులన్నిటికీ ఇటువంటి సంఖ్యలను కేటాయించే ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు; వాటిలో కొన్ని ఖాళీగానే ఉన్నాయి. అరసున్న సంఖ్య 3073, సున్న 3074, విసర్గ 3075; ఆ తర్వాత 3077తో ‘అ’, 3093తో ‘క’ మొదలవుతాయి. హల్లులు ‘హ’తో, అంటే 3129తో ముగిశాక తలకట్టు మినహా మిగిలిన గుణింతపు గుర్తులు వస్తాయి, దీర్ఘం 3134, పొల్లు 3149.

పోలికకు అన్నిటికంటె సులువైన పద్ధతి ఈ సంఖ్యలనే ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఏది చిన్నదో చూడడం. దీనిని సంకేత క్రమం అనవచ్చు. తెలుగు విషయంలో ఈ మోటు పద్ధతి కూడా చాలావరకు సరైన ఫలితాన్నే ఇస్తుంది. ఎందుకంటే అచ్చులు ముందు, హల్లులు తర్వాత, గుణింతపు గుర్తులు ఆ తర్వాత, పొల్లు చివర ఉండడం వల్ల ‘క’తో తలకట్టుగా మొదలయ్యే మాటలన్నీ ముగిశాక ‘కా’, ‘కి’, ‘కీ’ వరుసగా వచ్చి, ‘కౌ’ తర్వాత ‘క్ర’, ‘క్ష’ వంటి సంయుక్తాక్షరాలు చేరుతాయి. తెలుగు నిఘంటువుల అమరిక కూడా స్థూలంగా ఇదే.

అయితే ఈ సంఖ్యల కేటాయింపు తెలుగు వర్ణమాలను మాత్రమే చూసి చేసినది కాదు. భారతీయ లిపుల కోసం రూపొందిన ఇస్కీ అనే సంకేత ప్రమాణంలో దేవనాగరిని నమూనాగా తీసుకుని, అదే ధ్వనికి అన్ని లిపుల్లోనూ అదే స్థానం దక్కేలా అమరిక చేశారు. 1988 నాటి ఇస్కీ అమరికనే యూనికోడ్ పునాదిగా స్వీకరించింది. అందువల్ల దేవనాగరి ‘క’కు తన విభాగంలో ఏ స్థానం ఉందో తెలుగు ‘క’కు తన విభాగంలో సరిగ్గా అదే స్థానం ఉంది. ఈ సమాంతరత వల్ల ‘ఱ’ 3121తో ‘ర’ పక్కన, ‘ళ’ 3123తో ‘ల’ పక్కన కూర్చున్నాయి. తెలుగు పెద్దబాలశిక్ష వరుసలో మాత్రం ‘య ర ల వ శ ష స హ’ ముగిశాకే ‘ళ క్ష ఱ’ వస్తాయి. కాబట్టి సంకేత క్రమాన్ని అనుసరించే అమరికలో ‘కళ’ అనే మాట ‘కవి’ కంటె ముందు వస్తుంది. వర్ణమాల తెలిసినవారికి అది తారుమారుగా తోస్తుంది.

## భాషను బట్టి పోలిక

సంఖ్యలను నేరుగా పోల్చడం అనేక భాషలకు చాలదు కనుక యూనికోడ్ సంస్థ విడిగా ఒక పోలిక విధానాన్ని ప్రకటించింది. ఆ సంస్థ సాంకేతిక ప్రమాణాల్లో పదవ సంఖ్యది అయిన ఈ విధానం ప్రతి అక్షరానికీ ఒకటికి మించిన బరువులు ఇస్తుంది. మొదటి బరువు మూలాక్షరానిది. రెండవది దానికి చేరే గుర్తుది. మూడవది ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి వంటి స్వల్పభేదాలది. రెండు మాటలను పోల్చేటప్పుడు ముందు వాటి మొదటి బరువులను మాత్రమే చివరిదాకా చూసి, అవన్నీ సమానమైతేనే రెండవ బరువులకు, అవీ సమానమైతేనే మూడవ బరువులకు వెళ్తారు.

ఈ విధానంలో ఏ భాషకూ ప్రత్యేకించని ఒక సాధారణ పట్టిక ఉంటుంది. దానికి ఆయా భాషల అవసరాన్ని బట్టి చేసిన సవరణలు సీఎల్‌డీఆర్ అనే భాషా సమాచార భాండాగారంలో ఉంటాయి. ఇంగ్లీషుకు సాధారణ పట్టికే చాలు కాబట్టి, ఇంగ్లీషు భాషను ఎంచుకున్న స్ప్రెడ్‌షీట్ తెలుగు మాటలను కూడా ఆ సాధారణ పట్టిక ప్రకారమే అమరుస్తుంది. మన దేశంలో అమ్మే కంప్యూటర్లలో చాలావాటికి మొదటి అమరిక ఇంగ్లీషే కావడం వల్ల, తెలుగు జాబితాల్లో కనిపించే అసలైన తికమక ఇక్కడ పుడుతుంది.

సాధారణ పట్టికలో సున్న, అరసున్న, విసర్గలకు మొదటి బరువు లేదు, రెండవ బరువు మాత్రమే ఉంది. అంటే మొదటి పోలికలో ‘కంభం’ అనే మాట ‘కభ’ అన్నట్టే లెక్కకు వస్తుంది. సున్న ఉన్నదా లేదా అన్నది మిగతాదంతా సమానమైనప్పుడే పరిశీలనకు వస్తుంది. ‘భ’ కంటె ‘డ’ ముందుది కనుక ‘కడప’ ముందు, ‘కంభం’ తర్వాత వస్తాయి. తెలుగులో సున్న చాలా మాటల్లో పూర్తి అక్షరంతో సమానమైన పని చేస్తుంది కనుక దాన్ని ఇలా పక్కనపెట్టడం తెలుగు నిఘంటు సంప్రదాయానికి సరిపడదు. అందుకే సీఎల్‌డీఆర్‌లోని తెలుగు సవరణ అరసున్న, సున్న, విసర్గలకు ‘ఔ’ తర్వాత, ‘క’కు ముందు మొదటి బరువును ఇస్తుంది. దాంతో ‘కం’తో మొదలయ్యే మాటలన్నీ ఒకచోట చేరి ‘కక’, ‘కట’ వంటివాటికి ముందు నిలుస్తాయి.

సాధారణ పట్టికలో తెలుగుకు అనుకూలించే అంశం కూడా ఒకటుంది. సంకేత సంఖ్య ఏదైనా, ‘ళ’కు ఈ పట్టిక ‘హ’ తర్వాతి చోటునే ఇచ్చింది. అందువల్ల ఇంగ్లీషు అమరికలోనైనా తెలుగు అమరికలోనైనా ఈ విధానాన్ని వాడే స్ప్రెడ్‌షీట్‌లో ‘కవి’ తర్వాతే ‘కళ’ వస్తుంది.

## ఒక జాబితా మూడు విధాలుగా

ఆంధ్రప్రదేశ్‌లోని పది ఊళ్ల పేర్లను ఒకే షీటులో ఉంచి, మూడు పద్ధతుల్లో అమర్చినప్పుడు వచ్చే ఫలితాలు ఈ కింది విధంగా ఉంటాయి.

| సంకేత క్రమం | సాధారణ పట్టిక | తెలుగు సవరణ |
|---|---|---|
| కంకిపాడు | కంకిపాడు | కంకిపాడు |
| కందుకూరు | కడప | కందుకూరు |
| కంభం | కదిరి | కంభం |
| కడప | కందుకూరు | కడప |
| కదిరి | కనిగిరి | కదిరి |
| కనిగిరి | కంభం | కనిగిరి |
| కర్నూలు | కర్నూలు | కర్నూలు |
| కళ్యాణదుర్గం | కవిటి | కవిటి |
| కవిటి | కళ్యాణదుర్గం | కళ్యాణదుర్గం |
| కావలి | కావలి | కావలి |

మధ్య వరుసలో ‘కంకిపాడు’ సరైన చోటే ఉన్నట్టు కనిపించడం యాదృచ్ఛికం. సున్నను వదిలేస్తే అది ‘కకిపాడు’ అవుతుంది. హల్లుల్లో ‘క’ మొదటిది కనుక ఎలాగూ పైనే నిలిచింది. ‘కందుకూరు’ మాత్రం ‘కదుకూరు’గా లెక్కకు వచ్చి, ‘కది’ తర్వాత ‘కదు’ అన్న న్యాయంతో ‘కదిరి’ కిందికి జారింది. ఒకటి రెండు పేర్లు చోటు మారకపోవడం వల్ల తప్పు కంటపడకుండా పోతుంది; వందల పేర్లున్న ఓటర్ల జాబితాలోనో పుస్తకాల పట్టీలోనో వెతుకుతున్న పేరు ఉండవలసిన చోట లేకపోయినప్పుడే సంగతి బయటపడుతుంది.

ఈ పట్టిక నుంచి ఒక సులభమైన పరీక్ష లభిస్తుంది. ఖాళీ షీటులో ‘కడప’, ‘కంభం’, ‘కవిటి’, ‘కళ్యాణదుర్గం’ అన్న నాలుగు పేర్లను రాసి అమర్చాలి. ‘కడప’ ముందు వచ్చి ‘కంభం’ తర్వాత వస్తే ఆ స్ప్రెడ్‌షీట్ సాధారణ పట్టికను వాడుతోంది. ‘కంభం’ ముందు వచ్చి, ‘కవిటి’ కంటె ‘కళ్యాణదుర్గం’ పైన ఉంటే అది సంకేత క్రమం. ‘కంభం, కడప, కవిటి, కళ్యాణదుర్గం’ అన్న వరుస వస్తే తెలుగు సవరణ అమల్లో ఉన్నట్టు. ఏ కంపెనీ స్ప్రెడ్‌షీట్ అయినా, ఏ వెర్షన్ అయినా ఈ నాలుగు పేర్లు దాని పద్ధతిని బయటపెడతాయి కనుక, సవరణకు పూనుకునే ముందు ఈ పరీక్ష చేయడం మేలు.

## పోలికలో కాక పాఠంలోనే ఉండే లోపాలు

పద్ధతి సరైనదే అయినా జాబితా చెదిరిపోయే సందర్భాలు ఉన్నాయి. వీటిలో మొదటిది పాత ఫాంట్లతో రాసిన పాఠం. ముద్రణ రంగంలో దీర్ఘకాలం వాడుకలో ఉన్న అను వంటి డీటీపీ ఫాంట్లలో తెర మీద తెలుగు కనిపించినా లోపల నిల్వ అయ్యేవి ఇంగ్లీషు అక్షరాలకూ చిహ్నాలకూ చెందిన సంఖ్యలే. ఫాంటు ఆ సంఖ్యలకు తెలుగు ఆకారాలను తొడుగుతుంది. స్ప్రెడ్‌షీట్ ఆకారాన్ని చూడదు, సంఖ్యనే చూస్తుంది కనుక అటువంటి జాబితాకు ఏ భాషా సవరణ పెట్టినా అకారాది రాదు. గడిలోని ఫాంటును మరో మామూలు ఫాంటుకు మార్చినప్పుడు తెలుగు పోయి పిచ్చి గీతలు, ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే ఆ పాఠం యూనికోడ్‌లో లేదని అర్థం. మార్పిడి సాధనంతో దానిని యూనికోడ్‌లోకి తెచ్చి, ఒత్తులు, గుణింతాలు సరిగా వచ్చాయో లేదో చూసుకున్న తర్వాతే అమర్చాలి.

రెండవ లోపం కంటికి కనిపించని అక్షరాలు. ‘మహబూబ్‌నగర్’ అని రాసేటప్పుడు ‘బ్’, ‘న’ కలిసి సంయుక్తాక్షరంగా మారకుండా వాటి మధ్య వెడల్పు లేని ఒక విభజకాన్ని ఉంచుతారు. దాని సంఖ్య 8204. కొందరు ఆ విభజకానికి బదులు మామూలు ఖాళీని, మరికొందరు ఏమీ పెట్టకుండానూ రాస్తారు. యూనికోడ్ పోలిక విధానం ఈ విభజకాన్ని లెక్కలోకి తీసుకోదు గాని, సంకేత క్రమంలో 8204 అనే సంఖ్య తెలుగు అక్షరాలన్నిటికంటె పెద్దది కాబట్టి విభజకం ఉన్న పేరు లేని పేరుకు దూరంగా వెళ్లిపోతుంది. ఇంటర్నెట్ పుటల నుంచి నకలు తీసి అతికించిన పాఠంలో పేరుకు ముందో వెనుకో విరగని ఖాళీ, అంటే 160వ సంఖ్య గల ఖాళీ, మిగిలిపోవడం కూడా సాధారణం. పేరుకు ముందున్న ఖాళీ ఆ వరుసను జాబితా పైభాగానికి లాగేస్తుంది.

మూడవది ‘ఐ’త్వానికి సంబంధించినది. యూనికోడ్‌లో ఈ గుర్తును 3144 అనే ఒకే సంఖ్యతో రాయవచ్చు. 3142, 3158 అనే రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి కూడా రాయవచ్చు. తెర మీద ఈ రెంటికీ తేడా ఉండదు. రెండూ సమానమేనని ప్రమాణం చెబుతుంది గాని, సంఖ్యలను నేరుగా పోల్చే పద్ధతిలో రెండవ విధంగా రాసిన ‘కై’ ‘కే’ కంటె ముందుకు వస్తుంది.

ఇటువంటి దాగిన తేడాలను పట్టుకోవడానికి `LEN`, `UNICODE` అనే రెండు ఫంక్షన్లు చాలు. `LEN` ఒక గడిలో ఎన్ని సంకేతాలు ఉన్నాయో లెక్కపెడుతుంది. సున్న, గుణింతపు గుర్తు, పొల్లు ప్రతిదీ విడిగా ఒకటి కిందే లెక్క. ‘కడప’కు 3, ‘కంభం’కు 4, ‘కర్నూలు’కు 7 రావాలి. ‘కడప’కు 4 వచ్చిందంటే అందులో కనిపించనిది ఏదో ఉందన్నమాట. `UNICODE` గడిలోని మొదటి సంకేతపు సంఖ్యను చూపుతుంది. తెలుగు మాటకు అది 3072, 3199 మధ్య లేకపోతే ఆ మాట ముందు ఖాళీ గానీ, పాత ఫాంటు పాఠం గానీ ఉన్నట్టు.

## భాషను ఎంచుకుని సవరించడం

సాధారణ పట్టిక వల్ల వచ్చిన తేడాకు సరైన సవరణ భాషను మార్చడం. లిబ్రె ఆఫీస్ కాల్క్‌లో ఇది తేలిక. పోలిక కోసం ఆ స్ప్రెడ్‌షీట్ ఐసీయూ అనే లైబ్రరీని వాడుతుంది. సీఎల్‌డీఆర్ తెలుగు సవరణ అందులో ఉంటుంది. జాబితా మొత్తాన్ని ఎంచుకుని `Data` మెనూలో `Sort` తెరిచి, అమరిక ఐచ్ఛికాల్లో `Language` అన్నచోట `Telugu` ఎంచుకుని అమర్చితే, పై పట్టికలోని మూడవ వరుస లభిస్తుంది. ఈ ఎంపిక ఆ ఒక్క అమరికకే వర్తిస్తుంది కాబట్టి కంప్యూటరులోని మరే అమరికా మారదు.

ఎక్సెల్‌లో ఇటువంటి ఎంపిక అమరిక పెట్టెలో లేదు. అమరిక క్రమం విండోస్‌లోని ప్రాంతీయ అమరికను బట్టి మారుతుంది. విండోస్ సెట్టింగుల్లో `Regional format`ను తెలుగుకు మార్చి, ఎక్సెల్‌ను మూసి తిరిగి తెరిచి, పైన చెప్పిన నాలుగు పేర్ల పరీక్షను మళ్లీ చేసి చూడాలి. ఈ మార్పు తేదీలు, అంకెలు, ద్రవ్యం కనిపించే తీరును కూడా మారుస్తుంది. పదిమంది వాడే కార్యాలయ కంప్యూటరులో ఇది అసౌకర్యం కలిగించవచ్చు. అదీగాక, అదే ఫైలును ఇంగ్లీషు అమరిక ఉన్న మరో కంప్యూటరులో తెరిచి మళ్లీ అమర్చితే క్రమం మళ్లీ మారిపోతుంది. ఈ పరిమితి వల్లనే, ఎక్కడ తెరిచినా ఒకే ఫలితం రావాలనుకున్నప్పుడు కింద వివరించిన సహాయక వరుస పద్ధతిని ఆశ్రయించవలసి వస్తుంది.

అకారాదికి సంబంధమే లేని వరుసలు కొన్ని ఉంటాయి. చైత్రం నుంచి ఫాల్గుణం దాకా నెలలను, ఆదివారం నుంచి శనివారం దాకా వారాలను, మేషం నుంచి మీనం దాకా రాశులను అకారాదిగా పెడితే ‘ఆశ్వయుజం’ మొదటికి, ‘వైశాఖం’ చివరి వైపుకు పోతాయి. ఇటువంటి స్థిరమైన జాబితాలకు సొంత వరుసను నమోదు చేసే వీలు రెండు స్ప్రెడ్‌షీట్లలోనూ ఉంది. ఎక్సెల్‌లో అమరిక పెట్టెలోని `Order` వద్ద `Custom List` ద్వారానూ, కాల్క్‌లో `Tools`, `Options`, `LibreOffice Calc`, `Sort Lists` ద్వారానూ ఆ వరుసను చేర్చి, అమర్చేటప్పుడు దానినే ఎంచుకోవాలి.

## సహాయక వరుస

సహాయక వరుస అంటే పేర్ల పక్కన మరో నిలువు వరుసను చేర్చి, అందులో ప్రతి పేరుకూ అంకెలతో ఒక తాళంచెవి వంటి సంకేతాన్ని తయారుచేసి, అమరికను ఆ సంకేతాల ఆధారంగా జరపడం. అంకెల వరుస ఏ భాషా అమరికలోనైనా ఒకటే కాబట్టి ఈ పద్ధతి ఫలితం కంప్యూటరును బట్టి మారదు. పేర్లు ‘ఏ’ వరుసలో ఉన్నాయనుకుంటే, ముందుగా బీ వరుసలో శుద్ధిచేసిన రూపాన్ని ఈ ఫార్ములాతో తయారుచేయాలి.

```
=SUBSTITUTE(SUBSTITUTE(TRIM(SUBSTITUTE(A2,UNICHAR(160)," ")),UNICHAR(8204),""),UNICHAR(3142)&UNICHAR(3158),UNICHAR(3144))
```

ఈ ఫార్ములా విరగని ఖాళీని మామూలు ఖాళీగా మార్చి, ముందు వెనుకల ఖాళీలను తొలగించి, వెడల్పు లేని విభజకాన్ని తీసివేసి, రెండు ముక్కలుగా ఉన్న ఐత్వాన్ని ఒకే సంకేతంగా కలుపుతుంది. విభజకం పోవడం వల్ల ఈ వరుసలో ‘మహబూబ్‌నగర్’ సంయుక్తాక్షరంతో వికారంగా కనిపిస్తుంది. ఇది పోలిక కోసం ఉద్దేశించిన రూపమే గనుక దీనితో ఇబ్బంది లేదు. ముద్రణకు, చూపడానికి ‘ఏ’ వరుసలోని మూలరూపాన్నే వాడాలి. ఆ తర్వాత సీ వరుసలో సంకేతాన్ని తయారుచేయాలి.

```
=LET(kod,UNICODE(MID(B2,SEQUENCE(LEN(B2)),1)),"k"&TEXTJOIN("",TRUE,TEXT(IF(kod=3123,3130,kod),"00000")))
```

ఇందులో `MID`, `SEQUENCE` కలిసి మాటను ఒక్కొక్క సంకేతంగా విడదీస్తాయి. `UNICODE` వాటి సంఖ్యలను ఇస్తుంది. `TEXT` ప్రతి సంఖ్యనూ అయిదంకెలకు పూరిస్తుంది. `TEXTJOIN` వాటినన్నిటినీ ఒక తాడుగా పేరుస్తుంది. అయిదంకెలకు పూరించకపోతే 32 అనే ఖాళీ సంఖ్య 3093 అనే ‘క’ సంఖ్యతో తప్పుగా పోలికకు వస్తుంది. మధ్యలో ఉన్న `IF` భాగం ‘ళ’ సంఖ్య అయిన 3123ను 3130గా మార్చి, దానిని ‘హ’ తర్వాతికి పంపుతుంది. తెలుగు విభాగంలో 3130 ఖాళీ స్థానం కాబట్టి మరో అక్షరంతో ఢీకొనదు. మొదట చేర్చిన `k` అనే అక్షరం ఈ తాడును స్ప్రెడ్‌షీట్ సంఖ్యగా భావించకుండా చేస్తుంది. ఈ ఫార్ములాకు ఎక్సెల్ 2021 గానీ అంతకంటె కొత్తది గానీ మైక్రోసాఫ్ట్ 365 గానీ ఉండాలి. ఖాళీ గడి ఎదురైతే లోపసందేశం ఇస్తుంది కనుక ఖాళీ వరుసలను ముందే తీసివేయాలి.

ఈ లెక్కన ‘కంభం’కు `k03093030740311703074`, ‘కడప’కు `k030930310503114` అనే సంకేతాలు వస్తాయి. మొదటి అయిదంకెలు రెంటికీ ‘క’వే, తర్వాతి అయిదింటిలో సున్నకు చెందిన 03074, ‘డ’కు చెందిన 03105 కంటె చిన్నది కనుక ‘కంభం’ ముందు నిలుస్తుంది. అమర్చేటప్పుడు జాబితాలోని అన్ని నిలువు వరుసలనూ కలిపి ఎంచుకుని, సీ వరుసను ఆధారంగా పెట్టాలి; పేర్ల వరుసను ఒక్కదానినే ఎంచుకుని అమర్చితే పేర్లు ఒకవైపు, వాటి ఎదుట ఉండవలసిన ఫోను నంబర్లో మార్కులో మరోవైపు చెదిరిపోతాయి. మూల జాబితాను కదపకుండా వేరే చోట క్రమాన్ని చూపాలనుకుంటే ఈ కింది ఫార్ములా సరిపోతుంది.

```
=SORTBY(A2:A200,C2:C200)
```

పాత ఎక్సెల్ వాడేవారికి మరో దారి ఉంది. జాబితాను కాల్క్‌లో తెరిచి, తెలుగు భాషను ఎంచుకుని ఒకసారి అమర్చి, పక్క వరుసలో 1 నుంచి వరుస సంఖ్యలు వేసి, ఫైలును తిరిగి ఎక్సెల్ రూపంలో దాచుకుంటే, ఆ తర్వాత ఎప్పుడు కావాలన్నా ఆ సంఖ్యల ఆధారంగా అకారాదికి రావచ్చు. కొత్త పేర్లు చేరినప్పుడు మాత్రం సంఖ్యలను మళ్లీ వేయవలసి ఉంటుంది.

## ఏ క్రమం కావాలన్న నిర్ణయం

సహాయక వరుసలో అక్షరాల చోట్లను ఇష్టానుసారం మార్చే వీలుంది కనుక, ముందుగా ఏ సంప్రదాయాన్ని పాటించాలో తేల్చుకోవాలి. నిఘంటువుల్లో సాధారణంగా ‘అం’తో మొదలయ్యే మాటలు ‘అక’ కంటె ముందు ఉంటాయి. ‘క్ష’తో మొదలయ్యే మాటలు ‘క’ విభాగం చివర చేరుతాయి. గుణింతం వల్లించే వరుసలో మాత్రం ‘కౌ’ తర్వాతే ‘కం, కః’ వస్తాయి. వర్ణమాల పటంలో ‘క్ష’ హల్లుల చివర విడి అక్షరంగా ఉంటుంది. పై ఫార్ములా నిఘంటువు పద్ధతిని పాటిస్తూ, ‘ళ’ విషయంలో మాత్రం వర్ణమాల పటాన్ని అనుసరిస్తుంది. తెలుగు సవరణ ఇచ్చే ఫలితంతో ఇది తెలుగు పేర్ల జాబితాల్లో చాలావరకు ఏకీభవిస్తుంది. పిల్లల వాచకానికి పదపట్టిక తయారుచేసేవారు గుణింతపు వరుసనే కోరుకుంటే, సున్న సంఖ్యను 3149గా, విసర్గ సంఖ్యను 3150గా, పొల్లు సంఖ్యను 3151గా మార్చే మరో మూడు `IF` భాగాలను చేర్చుకోవచ్చు.

అమరిక సరిచేయలేని తేడాలు కూడా ఉన్నాయి. ‘కల్యాణదుర్గం’, ‘కళ్యాణదుర్గం’ అన్న రెండు వర్ణక్రమాలూ వాడుకలో ఉన్నాయి. ‘ళ’ను ‘హ’ తర్వాతికి పంపినప్పుడు ఈ రెండు రూపాల మధ్య దూరం ఇంకా పెరుగుతుంది. ఒకే జాబితాలో కొన్ని పేర్లు తెలుగు లిపిలో, కొన్ని ఇంగ్లీషు లిపిలో ఉంటే ఏ పద్ధతిలోనైనా ఒక లిపి మొత్తం ముందు, మరొకటి తర్వాత వస్తాయి. అమర్చడానికి ముందే వర్ణక్రమాన్నీ లిపినీ ఏకరూపం చేయడం తప్ప వీటికి వేరే సవరణ లేదు.

సహాయక వరుసతో అమర్చిన జాబితాలో వెతుకులాట ఫార్ములాలు వాడేటప్పుడు కూడా ఒక జాగ్రత్త అవసరం. `VLOOKUP` చివర `TRUE` ఇస్తే, జాబితా స్ప్రెడ్‌షీట్ సొంత క్రమంలోనే ఉందన్న నమ్మకంతో అది మధ్యకు దూకుతూ వెతుకుతుంది. మనం పెట్టిన క్రమం దానికి భిన్నమైతే ఉన్న పేరును లేదనడం గానీ, ఒక పేరుకు మరో పేరు సమాచారం ఇవ్వడం గానీ జరుగుతుంది. చివర `FALSE` ఇచ్చినప్పుడు అది పేరును అచ్చంగా పోల్చి చూస్తుంది కాబట్టి జాబితా ఏ క్రమంలో ఉన్నా ఫలితం మారదు. తెలుగు పేర్లున్న జాబితాల్లో ఎల్లప్పుడూ `FALSE` వాడడమే సురక్షితం.